వెయ్యి కుర్చీలకు ఒకే పద్దు

ఓ మోస్తరు టెంట్ హౌస్ గోడౌన్‌లో వెయ్యి ప్లాస్టిక్ కుర్చీలైనా ఉంటాయి. పెళ్ళికి వెళ్ళొస్తాయి, పెద్దకర్మకు వెళ్ళొస్తాయి, ఎన్నికలొస్తే రోజుకో సభకు తిరుగుతాయి. లారీలోకి విసిరేటప్పుడు కొన్నిటి కాళ్ళు విరుగుతాయి. ఎండకు పెళుసెక్కి కొన్ని పగులుతాయి. ఒకే రోజు కొన్న కుర్చీల్లో కొన్ని మూడో ఏటే తుక్కులోకి పోతే, మరికొన్ని ఏడేళ్ళదాకా నిలబడతాయి. ఏది ఎప్పుడు పోతుందో కొన్న రోజున ఎవరూ చెప్పలేరు.

అయినా ఆ అరుగుదలను ఏటా లెక్కలో చూపక తప్పదు. చూపకపోతే అద్దెల మీద వచ్చిందంతా లాభంలాగే కనిపిస్తుంది. యజమాని దాన్ని ఇంటి ఖర్చుకు వాడుకుంటాడు. కుర్చీలు పోయే నాటికి, తాను లాభమనుకుని తిన్నదాంట్లో కొంత అసలే అని తెలుస్తుంది. ఆ అసలును ఏటా కొంత చొప్పున ఖర్చుగా రాసుకోవడమే తరుగుదల.

ఒక లారీకో, ఒక జనరేటర్‌కో తరుగుదల కట్టడం కష్టం కాదు. కొన్న ధర తెలుసు, ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఒక అంచనా ఉంటుంది, ఒక ఖాతా చాలు. కుర్చీల దగ్గరే చిక్కు. వెయ్యిటికీ విడివిడిగా ఖాతాలు తెరిస్తే, వాటిని రాసే గుమాస్తా జీతానికే కుర్చీల డబ్బు సరిపోదు. పోనీ కొన్న ఏడే మొత్తం ఖర్చు రాసేస్తే ఆ ఒక్క ఏడు నష్టం, ఆ తర్వాత అన్నేళ్ళూ లేని లాభం కనిపిస్తాయి.

ఈ చిక్కుకు ఉన్న దారి గుంపు తరుగుదల. ఒకే రకం చిన్న ఆస్తులన్నిటినీ ఒక్క ఖాతాలో పెట్టి, గుంపు మొత్తానికి ఒక సగటు ఆయుష్షు కట్టి, దాని మీద తరుగుదల రాస్తారు. కరెంటు స్తంభాలు, మీటర్లు, రైలు పట్టాల కింది స్లీపర్లు వంటివి లక్షల్లో ఉండే సంస్థలకు అమెరికాలో ఎంతోకాలంగా ఇదే పద్ధతి. అదెలా నడుస్తుందో మన టెంట్ హౌస్ కుర్చీల మీదే చూద్దాం.

సగటు ఎక్కడిది?

కుర్చీ ఒక్కొక్కటి 500 రూపాయల చొప్పున వెయ్యి కొన్నారనుకుందాం. మొత్తం 5,00,000. విరిగిన కుర్చీని తుక్కు ప్లాస్టిక్ కింద అమ్మితే 50 రూపాయలు వస్తాయి. అంటే ఒక్కో కుర్చీ మీద అరిగిపోయేది 450.

ఇక ఆయుష్షు. అది యజమాని పాత అనుభవంలోంచి రావాలి. ఇంతకుముందు కొన్న వెయ్యి కుర్చీల్లో మూడో ఏడు చివర 150, నాలుగో ఏడు చివర 200, ఐదో ఏట 300, ఆరో ఏట 200, ఏడో ఏట 150 పోయాయని పాత పుస్తకం చెబుతోందనుకుందాం. ఒక్కో కుర్చీ పనిచేసిన ఏళ్ళన్నీ కూడితే 5,000. దాన్ని వెయ్యితో భాగిస్తే సగటు ఆయుష్షు ఐదేళ్ళు.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. గుంపులో చివరి కుర్చీ కూడా పోయేదాకా ఆగితే గానీ ఇలాంటి పూర్తి లెక్క దొరకదు. కుర్చీలకైతే ఏడేళ్ళు ఆగొచ్చు. స్తంభాలకు, స్లీపర్లకు అలా ఆగలేం. అమెరికాలోని అయోవా స్టేట్ కాలేజీ ఇంజనీరింగ్ ప్రయోగ కేంద్రంలో రాబ్లీ విన్‌ఫ్రీ, ఎడ్విన్ కర్ట్జ్ ఈ సమస్య మీద పనిచేశారు. రకరకాల పారిశ్రామిక ఆస్తులు ఏ వయసులో ఎన్ని తొలగిపోయాయో లెక్కలు సేకరించి, 1931లో ఒక నివేదిక వెలువరించారు. 1935లో విన్‌ఫ్రీ దాన్ని విస్తరించి 18 నమూనా రేఖలు ఇచ్చాడు. కొన్ని ఆస్తుల్లో ఎక్కువ భాగం సగటు వయసుకు ముందే పోతాయి, కొన్నిట్లో సగటుకు అటూ ఇటూ సమానంగా పోతాయి, మరికొన్నిట్లో సగటు దాటాక పోతాయి. ఇప్పటిదాకా తొలగిన వాటి లెక్కను ఈ రేఖల పక్కన పెట్టి, ఏది సరిపోతుందో చూస్తే మిగతావి ఎప్పుడు పోతాయో అంచనాకు వస్తుంది. అయోవా రేఖల పేరుతో అవి నేటికీ వాడుకలో ఉన్నాయి.

మన కుర్చీలది సగటుకు అటూ ఇటూ సమానంగా పోయే రకం.

పద్దులు ఎలా రాస్తారు?

అరిగే మొత్తం 450ని ఐదేళ్ళకు పంచితే కుర్చీకి ఏడాదికి 90. కొన్న ధర 500లో ఇది 18 శాతం. ఈ 18 శాతమే గుంపు రేటు. ఏడాది మొదట్లో కుర్చీల ఖాతాలో ఎంత ధర ఉంటే దాని మీద ఈ రేటు కడతారు. లెక్క తేలికగా ఉండటానికి, కుర్చీలన్నీ ఏడాది చివరి రోజునే పోతున్నాయనుకుందాం.

మొదటి ఏడాది పద్దు ఇది:

తరుగుదల ఖాతా, డెబిట్: 90,000
పోగైన తరుగుదల ఖాతా, క్రెడిట్: 90,000

తరుగుదల ఆ ఏటి ఖర్చు. పోగైన తరుగుదల అనేది ఏటేటా పెరుగుతూ వచ్చే నిల్వ, కుర్చీల ధరలోంచి ఇప్పటిదాకా ఎంత ఖర్చు రాశామో చూపేది. రెండో ఏడు, మూడో ఏడు కూడా ఇంతే. మూడేళ్ళకు 2,70,000 పోగవుతుంది.

ఇప్పుడు మూడో ఏడు చివర 150 కుర్చీలు విరిగాయి. తుక్కు కింద 7,500 వచ్చింది. వాటిని కొన్న ధర 75,000. తొలగింపు పద్దు ఇలా ఉంటుంది:

నగదు ఖాతా, డెబిట్: 7,500
పోగైన తరుగుదల ఖాతా, డెబిట్: 67,500
కుర్చీల ఖాతా, క్రెడిట్: 75,000

ఈ పద్దులో లేనిదేమిటో గమనించాలి. నష్టం ఖాతా లేదు. మూడేళ్ళకే పోయిన కుర్చీల మీద ఒక్క రూపాయి నష్టం కూడా రాయలేదు. ధరలోంచి తుక్కు డబ్బు పోగా మిగిలిందంతా పోగైన తరుగుదలలోంచే తీసేశారు. తుక్కు డబ్బు అనుకున్నంత రాకపోయినా పద్దు తీరు మారదు. 7,500కు బదులు 5,000 వచ్చిందంటే, పోగైన తరుగుదలకు 70,000 డెబిట్ అవుతుంది. పెళ్ళివారు పోగొట్టిన కుర్చీకి పరిహారంగా 200 ఇస్తే, ఆ 200 నగదుకు, మిగతా 300 పోగైన తరుగుదలకు. వచ్చిన డబ్బు ఎంతైనా, మిగిలినది వెళ్ళేది ఆ ఒక్క చోటికే.

ఏడేళ్ళ లెక్క మొత్తం ఈ పట్టికలో ఉంది. చివరి గడి, తొలగింపు పద్దు రాశాక పోగైన తరుగుదలలో మిగిలిన నిల్వ.

| ఏడు | మొదట్లో కుర్చీల ధర | ఆ ఏటి తరుగుదల | తొలగిన కుర్చీలు | పోగైన తరుగుదల నిల్వ |
|---|---|---|---|---|
| 1 | 5,00,000 | 90,000 | 0 | 90,000 |
| 2 | 5,00,000 | 90,000 | 0 | 1,80,000 |
| 3 | 5,00,000 | 90,000 | 150 | 2,02,500 |
| 4 | 4,25,000 | 76,500 | 200 | 1,89,000 |
| 5 | 3,25,000 | 58,500 | 300 | 1,12,500 |
| 6 | 1,75,000 | 31,500 | 200 | 54,000 |
| 7 | 75,000 | 13,500 | 150 | 0 |

ఏడో ఏడు చివర కుర్చీల ఖాతా సున్నా, పోగైన తరుగుదల కూడా సున్నా. ఏడేళ్ళలో రాసిన తరుగుదల మొత్తం 4,50,000. రాయవలసింది కూడా సరిగ్గా అంతే.

నష్టం ఎటు పోయింది?

మూడో ఏట పోయిన కుర్చీ మీద అప్పటికి రాసిన తరుగుదల 270 మాత్రమే. కానీ తొలగించేటప్పుడు 450 తీసేశాం. ఈ 180 తేడా ఎవరు భరించారు? పద్ధతి కీలకమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

కుర్చీ కుర్చీకీ విడిగా లెక్క రాసి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. మూడో ఏట పోయిన 150 కుర్చీల మీద ఒక్కోదానికి 180 చొప్పున 27,000 నష్టం రాయాలి. నాలుగో ఏట పోయిన 200 కుర్చీల మీద 90 చొప్పున మరో 18,000. మొత్తం నష్టం 45,000. అదే విడి లెక్కలో, ఐదేళ్ళు నిండిన కుర్చీలకు తరుగుదల పూర్తయిపోతుంది. ఆరో ఏట, ఏడో ఏట అవి అద్దె తెస్తూనే ఉంటాయి గానీ వాటి మీద ఖర్చేమీ ఉండదు.

గుంపు లెక్కలో ఆ రెండేళ్ళూ ఖర్చు ఆగలేదు. ఆరో ఏట 31,500, ఏడో ఏట 13,500 రాశాం. కలిపితే 45,000. ముందే పోయిన కుర్చీల లోటు ఎంతో, ఆలస్యంగా పోయిన కుర్చీల మీద అదనంగా రాసినది సరిగ్గా అంతే. ఇది యాదృచ్ఛికం కాదు. సగటు ఐదేళ్ళని కట్టినప్పుడే మూడేళ్ళకు పోయే కుర్చీలను, ఏడేళ్ళు బతికే కుర్చీలను అందులో కలిపేశాం. మూడో ఏట ఓ కుర్చీ విరగడం మన అంచనా తప్పడం కాదు, అంచనాలో ఉన్నదే జరగడం. జరుగుతుందని ముందే లెక్కలో వేసుకున్నదాన్ని నష్టమని మళ్ళీ రాయనక్కర్లేదు.

ఏ ఒక్క కుర్చీ మీదా ఇంత అరిగింది అని ఈ పద్ధతి చెప్పదు. చెప్పగలిగేది గుంపు గురించే. గోడౌన్‌లోని ఒక కుర్చీని చూపించి దీని పుస్తక విలువెంత అని అడిగితే జవాబు ఉండదు.

సగటు తప్పినప్పుడు

పై పట్టిక సున్నాకు చేరింది కుర్చీలు అనుకున్నట్టే పోయాయి కాబట్టి. కొత్త సరుకు నాసిరకమై, ప్రతి విడత ఒక ఏడాది ముందే పోతుంటే? రెండో ఏట 150, మూడో ఏట 200, నాలుగో ఏట 300, అలా. అసలు సగటు నాలుగేళ్ళే. యజమాని మాత్రం పాత 18 శాతమే కడుతున్నాడు.

తొలగింపు మీద నష్టం రాసే అలవాటు లేదు కాబట్టి లాభనష్టాల ఖాతా ఏ హెచ్చరికా ఇవ్వదు. హెచ్చరిక కనిపించేది పోగైన తరుగుదల నిల్వలో. మూడో ఏడు చివరికి 650 కుర్చీలు మిగిలితే, నిల్వ 99,000 మాత్రమే ఉంటుంది. నాలుగో ఏడు చివరికి అది 22,500కు పడిపోతుంది. ఐదో ఏట ఖాతా తిరగబడి 36,000 డెబిట్ నిల్వ చూపుతుంది. క్రెడిట్ నిల్వే ఉండాల్సిన ఖాతా డెబిట్‌లోకి పోయిందంటే, రాసిన తరుగుదల కన్నా పోయిన కుర్చీలు ఎక్కువని అర్థం. అలాగే వదిలేస్తే చివరికి 90,000 రూపాయలు ఎప్పుడూ ఖర్చుగా రాయకుండానే మిగిలిపోతాయి. అన్నేళ్ళూ చూపిన లాభంలో అంత భాగం లేనిదే.

అందుకే తిరగబడేదాకా ఆగకూడదు. ఏటా ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మిగిలిన కుర్చీలు ఇంకా సగటున ఎన్నేళ్ళు పనిచేస్తాయో అంచనా వేయాలి. పూర్తి ఆయుష్షులో అదెంత భాగమో చూస్తే, వాటి అరిగే విలువలో అంత భాగం ఇంకా ఖర్చు రాయకుండా మిగిలి ఉండాలి. మిగతాది నిల్వలో కనిపించాలి. మొదటి పట్టికలో నాలుగో ఏడు చివర చూడండి. 650 కుర్చీలు మిగిలాయి, వాటి అరిగే విలువ 2,92,500. ముందున్న ఆయుష్షు సగటున ఏడాదీ తొమ్మిది నెలల పైచిలుకు, ఐదేళ్ళలో దాదాపు 35 శాతం. మిగిలిన 65 శాతం దాకా, అంటే 1,89,000, నిల్వలో ఉండాలి. ఉంది.

నాసిరకం గుంపులో మూడో ఏడు చివరే పరిస్థితి తెలిసిందనుకుందాం. 650 కుర్చీల మీద ఇంకా రాయవలసింది 2,92,500లోంచి 99,000 పోగా 1,93,500. ఆ కుర్చీలు ఇక ముందు పనిచేసే ఏళ్ళన్నీ కలిపితే 1,150. కాబట్టి ఇకనుంచి కుర్చీకి ఏడాదికి 90 కాదు, సుమారు 168 రాయాలి. వెనకటి సంవత్సరాల పుస్తకాలు తిరగరాయరు. ఆయుష్షు అంచనా మారినప్పుడు, ఆ మార్పును ముందున్న ఏళ్ళకే వర్తింపజేయడం మన అకౌంటింగ్ ప్రమాణాల్లోనూ ఉన్న నియమం.

అమెరికా సరుకు రవాణా రైల్వేలు గుంపు తరుగుదల వాడతాయి. అక్కడి సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు ఈ పరీక్షను వారి ఇష్టానికి వదిలేయలేదు. ఇంజన్లు, వ్యాగన్ల వంటి వాటికి కనీసం మూడేళ్ళకోసారి, పట్టాలు, స్లీపర్లు, కంకర వంటి వాటికి కనీసం ఆరేళ్ళకోసారి ఆయుష్షు అధ్యయనం చేసి తీరాలి.

గుంపులో కలపకూడనివి

గోడౌన్‌కు నిప్పంటుకుని రెండో ఏడు చివర వంద కుర్చీలు కాలిపోయాయనుకుందాం. ఐదేళ్ళ సగటు కట్టినప్పుడు అందులో మంటలు లేవు. ఇది అంచనాలో లేని సంఘటన, కాబట్టి నష్టం రాయాల్సిందే. ఒక్కో కుర్చీకి అప్పటికి 180 చొప్పున పోగైంది కాబట్టి పద్దు ఇలా ఉంటుంది:

పోగైన తరుగుదల ఖాతా, డెబిట్: 18,000
అగ్నిప్రమాద నష్టం ఖాతా, డెబిట్: 32,000
కుర్చీల ఖాతా, క్రెడిట్: 50,000

బీమా వస్తే నష్టం అంత తగ్గుతుంది. దీన్ని మామూలు తొలగింపులాగే రాసి మొత్తం 50,000 పోగైన తరుగుదలలోంచి తీసేస్తే, మిగిలిన 900 కుర్చీలకు తగినంత నిల్వ ఉండదు. ఆ లోటును పూడ్చే ఏర్పాటు సగటులో లేదు.

రెండో తప్పు దీనికన్నా మామూలుగా జరిగేది. కుర్చీ పోతుంది, పద్దు మాత్రం పడదు. మూడో ఏట విరిగిన 150 కుర్చీలను పుస్తకంలోంచి తీయకపోతే, నాలుగో ఏట 76,500కు బదులు మళ్ళీ 90,000 తరుగుదల పడుతుంది. లేని కుర్చీల మీద 13,500 ఖర్చు. ఏళ్ళు గడిచేకొద్దీ పోగైన తరుగుదల అరిగే విలువను కూడా దాటిపోతుంది. దీనికి విరుగుడు ఏటా మార్చి 31న గోడౌన్‌లో కుర్చీలు లెక్కపెట్టి, ఖాతాలో ఉన్న ధరను 500తో భాగిస్తే వచ్చే సంఖ్యతో సరిచూడటం.

ఏటా కొత్త కుర్చీలు కొంటుంటే ఇంకో జాగ్రత్త కావాలి. విరిగింది ఏ ఏడు కొన్నదో తెలియాలి, ఎందుకంటే కొన్న ధర ఏడాదికో రకంగా ఉంటుంది. కుర్చీ వెనక టెంట్ హౌస్ పేరు రాయించేటప్పుడే కొన్న ఏడు కూడా రాయిస్తే సరిపోతుంది. ఇక గుండిగలు, ఇనుప మంచాలు, షామియానా గుడ్డలు వంటి వేరే ఆయుష్షున్న వస్తువులను కుర్చీలతో ఒకే గుంపు చేయకపోవడమే మంచిది. అలా చేసినా ఒక ఉమ్మడి రేటు కట్టొచ్చు. కానీ గుడ్డలు త్వరగా పోయి గుండిగలే మిగిలాక ఆ రేటు గుండిగలకు సరిపోదు.

మన దగ్గర ఎంతవరకు చెల్లుతుంది?

మన దేశంలో కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 16 ప్రమాణం, విడిగా చూస్తే లెక్కలోకి రానంత చిన్న వస్తువులను, అచ్చులు, పనిముట్లు వంటివాటిని, ఒక మొత్తంగా చూడటానికి ఒప్పుకుంటుంది. అయితే ఆస్తిని పుస్తకాల్లోంచి తీసేసినప్పుడు వచ్చే లాభనష్టాలను లాభనష్టాల ఖాతాలోనే చూపమని కూడా అదే ప్రమాణం చెబుతుంది. అంటే తొలగింపు మీద నష్టమే రాయని పూర్తి గుంపు పద్ధతి అమెరికాలో రైల్వేలకు, విద్యుత్ సంస్థలకు నడిచినంత స్వేచ్ఛగా ఇక్కడ కంపెనీలకు నడవదు. ఆ తేడా మొత్తం మీద పట్టించుకోనక్కర్లేనంత చిన్నదైతేనే ఆడిటర్ ఒప్పుకుంటాడు.

ఆదాయపు పన్ను దారి వేరు. 1988-89 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆస్తులను విడివిడిగా కాక బ్లాకులుగా చూస్తున్నారు. కుర్చీలు ఫర్నిచర్ బ్లాకులోకి వస్తాయి, తగ్గుతున్న నిల్వ మీద రేటు 10 శాతం. అక్కడ కుర్చీ విరిగితే దాని కొన్న ధరను తీయరు, తుక్కుకు వచ్చిన డబ్బును మాత్రమే బ్లాకు నిల్వలోంచి తగ్గిస్తారు. బ్లాకులో ఇంకేవైనా ఆస్తులు మిగిలి ఉన్నంతకాలం తొలగింపు మీద విడిగా నష్టం చూపడం ఉండదు. కానీ ఆ 10 శాతం చట్టం పెట్టిన రేటు, మన కుర్చీల ఆయుష్షులోంచి వచ్చింది కాదు. ఐదేళ్ళకు సగటున పోయే కుర్చీలకు అది చాలా నెమ్మది. అందుకని పన్ను లెక్కను చూసి వ్యాపారం లాభాన్ని అంచనా వేసుకుంటే, అసలును లాభమనుకునే పొరపాటు మళ్ళీ మొదటికి వస్తుంది. అద్దె ఎంత పెట్టాలి, కొత్త కుర్చీలకు ఏటా ఎంత పక్కన ఉంచాలి అన్నవి సొంత సగటు ఆయుష్షు మీదే తేల్చుకోవాలి. దానికి కావలసింది రెండే అంకెలు, ఏటా ఎన్ని కుర్చీలు పోయాయన్నది, పోగైన తరుగుదలలో ఎంత మిగిలిందన్నది. మొదటిది అనుకున్న తీరు తప్పితే, రేటు మార్చాల్సిన సమయం వచ్చిందని రెండోది ఆ ఏడే చూపిస్తుంది.